కూతురికి సగమే, కానీ చెరిపెయ్యలేని సగం

ఆస్తి హక్కుల మీద తెలుగునాట ఎక్కడ వాదన మొదలైనా ఒక పోలిక తప్పకుండా వస్తుంది. హిందూ చట్టంలో కూతురికీ కొడుక్కీ సమాన వాటా, ముస్లిం చట్టంలో కూతురికి కొడుకు వాటాలో సగం. అంకెలు నిజమే. కానీ ఈ పోలిక చేసేవాళ్లు ఎప్పుడూ తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడనే అనుకుంటారు. రాసి చనిపోతే ఏమవుతుందన్నది పోలికలోకి రానే రాదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అప్పులన్నీ పోగా 72 లక్షల స్వార్జితం మిగిల్చి ఒకాయన చనిపోయాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. తల్లిదండ్రులు ముందే పోయారు. ఆయన హిందువైతే, వీలునామా లేకపోతే, నలుగురికీ తలా 18 లక్షలు. హనఫీ సంప్రదాయం పాటించే సున్నీ ముస్లిం అయితే భార్యకు ఎనిమిదో వంతు, అంటే 9 లక్షలు. మిగిలిన 63 లక్షలు కొడుక్కి రెండు పాళ్లు, కూతుళ్లకు ఒక్కో పాలు చొప్పున పంచితే కొడుక్కి 31.5 లక్షలు, ఒక్కో కూతురికి 15.75 లక్షలు వస్తాయి. ఇక్కడిదాకా హిందూ కూతురిదే పైచేయి.

ఇప్పుడు ఇద్దరు తండ్రులూ కూతుళ్లకు ఏమీ దక్కకూడదని పట్టుపట్టి వీలునామా రాశారనుకోండి. హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ప్రకారం ఆ తండ్రి తన సొత్తు మొత్తం ఎవరికైనా రాసుకోవచ్చు. అంతా కొడుక్కే రాస్తాడు, కూతురి వాటా సున్నా. ముస్లిం తండ్రి వీలునామాతో తరలించగలిగింది మూడో వంతే, అంటే 24 లక్షలు. అదీ కొడుక్కి రాయడానికి లేదు, వారసుడు కాని వాళ్లకే రాయాలి. మిగిలిన 48 లక్షలు షరీయత్ వాటాల ప్రకారమే పోతాయి: భార్యకు 6, కొడుక్కి 21, ఒక్కో కూతురికి 10.5 లక్షలు. తండ్రి ఎంత కోపంలో రాసినా, ఎంత పకడ్బందీగా రిజిస్టర్ చేయించినా, కూతురు ఒప్పుకోకుండా ఆ పదిన్నర లక్షల కిందికి దించలేడు.

ఒక చట్టంలో 18 సున్నా కావచ్చు. ఇంకో చట్టంలో 15.75 పదిన్నర కంటే తగ్గదు. ఏది మెరుగు? వాటాలు సమానంగా ఉండాలన్న వాదనతో నాకు పేచీ లేదు. కానీ తీసెయ్యడానికి వీల్లేని కనీస వాటా లేని సమానత్వం, తండ్రి దయ మీద నిలిచిన సమానత్వమే. మూడో వంతు నియమంలో మంచి అదే. అందులో లోపాలూ ఉన్నాయి, అవి చిన్నవేమీ కావు.

నియమం మూలం ప్రవక్త సహచరుడు సాద్ ఇబ్న్ అబీ వఖాస్ గురించిన హదీసు. జబ్బుపడిన సాద్ తనకున్న ఆస్తిలో మూడింట రెండు వంతులు దానంగా ఇచ్చేయనా అని ప్రవక్తను అడిగాడు. వద్దన్నారు. సగం ఇవ్వనా అన్నాడు. అదీ వద్దన్నారు. మూడో వంతు అంటే, సరే, అదీ ఎక్కువే అన్నారు. వారసుల్ని ఇతరుల ముందు చెయ్యి చాచేలా వదలడం కంటే కలిగినవాళ్లుగా వదలడం మేలన్నది అక్కడ చెప్పిన కారణం. అప్పటికి సాద్‌కి ఉన్న సంతానం ఒక్క కూతురే. కనుక ఈ పరిమితి పుట్టింది ఆస్తి ఇచ్చేవాడి కోసం కాదు, తీసుకోవలసిన వాళ్ల కోసం. ఈ ఉద్దేశాన్ని గుర్తుంచుకుంటే నియమం ఎక్కడ సరిగ్గా పనిచేస్తోందో, ఎక్కడ దారి తప్పిందో తేలిగ్గా పట్టుకోవచ్చు.

లెక్కలో జనం ఎక్కువగా పొరబడేది మొదటి అడుగులోనే. మూడో వంతు అంటే మొత్తం ఆస్తిలో మూడో వంతు కాదు. ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు తీయాలి. పెళ్లప్పుడు భార్యకు ఇస్తానని ఒప్పుకుని ఇంకా చెల్లించని సొమ్ము, అంటే మెహర్, కూడా అప్పే. అది ఆమె వారసత్వ వాటాకు అదనం, దానికంటే ముందు రావలసింది. ఇవన్నీ పోగా మిగిలిన దాంట్లో మూడో వంతు వరకు వసీయత్, అంటే వీలునామా, ఆ మిగిలింది వారసులకు. విలువ కట్టేది చనిపోయిన నాటికి, వీలునామా రాసిన నాటికి కాదు. పదేళ్ల కిందట రాసేటప్పుడు ఊరి బయటి స్థలం ఆస్తిలో ఐదో వంతు ఉండొచ్చు. ఈలోగా పక్కనుంచి రోడ్డు పడితే అదే స్థలం విలువ ఆస్తిలో సగానికి చేరి, వీలునామా పరిమితి దాటిపోతుంది.

పై కుటుంబాన్నే మళ్లీ తీసుకుందాం, ఒక మార్పుతో. ఆయనకు పెద్దకొడుకు కూడా ఉండేవాడు, తండ్రి కంటే ముందే చనిపోయాడు, అతనికి ఒక కొడుకున్నాడు. హనఫీ లెక్కలో బాబాయి బతికుండగా ఆ మనవడికి తాత ఆస్తిలో పైసా రాదు. కోడలు ఎలాగూ వారసురాలు కాదు. తాత చేతిలో ఉన్న మార్గాల్లో వీలునామా ఒకటి, మనవడు ఇక్కడ వారసుడు కాడు గనక అది చెల్లుతుంది కూడా. ఆయన జాలిపడి ఉన్న ఇల్లు మొత్తం మనవడి పేర రాశాడు. ఆస్తి మొత్తం 80 లక్షలు, అందులో ఇల్లే 48. బ్యాంకు అప్పు 5 లక్షలు, మెహర్ బాకీ 2 లక్షలు, అంత్యక్రియలకు లక్ష పోతే నికరం 72. మూడో వంతు 24. ఇల్లు దానికి రెట్టింపు.

వారసులెవరూ ఒప్పుకోకపోతే మనవడికి దక్కేది 24 లక్షల మేరకే, అంటే ఇంట్లో విడదీయని సగం. వీలునామా మొత్తం కొట్టుకుపోదు, పరిమితి వరకు నిలబడుతుంది. అందరూ ఒప్పుకుంటే ఇల్లు మొత్తం అతనిదే. కొందరే ఒప్పుకుంటే? ఇక్కడే చాలామంది తడబడతారు. ఒప్పుకున్నవాళ్ల వాటా మేరకే సమ్మతి పనిచేస్తుంది. పరిమితి దాటిన 24 లక్షల్లో భార్య వాటా 3, కొడుకు వాటా 10.5, కూతుళ్ల వాటా చెరో 5.25. కొడుకు ఒక్కడే ఒప్పుకున్నాడనుకుంటే మనవడికి 24కి తోడు 10.5 కలిసి 34.5 లక్షలు వస్తాయి. కొడుక్కి 21 రావలసిన చోట 10.5 మిగులుతుంది. భార్య 6, కూతుళ్లు చెరో 10.5 యథాతథం. అన్నీ కూడితే 72 సరిపోతుంది. ఒకరి ఉదారతకు ఇంకొకరు మూల్యం చెల్లించనక్కరలేని పద్ధతి ఇది, నాకు ఇందులో బాగా నచ్చేది కూడా ఇదే.

సమ్మతి ఎప్పుడు ఇవ్వాలన్నది అంతకంటే ముఖ్యం. సున్నీ చట్టంలో వీలునామా రాసినాయన చనిపోయిన తర్వాత ఇచ్చిన సమ్మతికే విలువ. బతికుండగా కూతుళ్లను కూర్చోబెట్టి సంతకాలు పెట్టించుకుంటే అది సమ్మతి కాదు, ఎందుకంటే వాళ్లకు అప్పటికి ఏ హక్కూ పుట్టలేదు. వీలునామా మీద సాక్షి సంతకం చేసినంత మాత్రాన కూడా ఒప్పుకున్నట్టు కాదు. చనిపోయాక ఆస్తిని ఆ మనిషి స్వాధీనం చేసుకుంటుంటే తెలిసీ ఊరుకుని, దానికి అనుకూలంగా నడుచుకుంటే మాత్రం ఆ ప్రవర్తన నుంచి సమ్మతిని కోర్టు ఊహించవచ్చు. ఉత్త మౌనం సరిపోదు. మైనర్ సమ్మతి చెల్లదు. ఒకసారి సక్రమంగా ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం ఉండదు. షియా చట్టం వేరు: అక్కడ బతికుండగా ఇచ్చిన సమ్మతి కూడా చెల్లుతుంది. హైదరాబాద్ పాతబస్తీలో ఒకే వీధిలో రెండు శాఖల వాళ్లూ ఉంటారు గనక, పక్కింటి వీలునామాను చూసి రాసుకుంటే ఇబ్బందే.

దీనికి దగ్గరగానే ఇంకో అలవాటుంది. పెళ్లి చేసి పంపేటప్పుడో, ఇల్లు కట్టేటప్పుడో కూతురితో ‘తండ్రి ఆస్తిలో నాకు ఏ హక్కూ లేదు’ అని హక్కు విడుదల పత్రం రాయించుకుంటారు. బతికున్నవాడి ఆస్తి మీద వారసత్వ ఆశ అమ్ముకోవడానికీ, వదులుకోవడానికీ పనికొచ్చే ఆస్తి కాదు. ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షన్ చెప్పేదీ అదే, ముస్లిం చట్టం చెప్పేదీ అదే. అయితే గులాం అబ్బాస్ కేసులో 1973లో సుప్రీంకోర్టు ఒక మినహాయింపు చెప్పింది. ప్రతిఫలం పుచ్చుకుని, ఇక అడగనని నమ్మించి, ఆ నమ్మకం మీద ఎదుటివాళ్లు నడుచుకునేలా చేసినవాళ్లు తర్వాత తిరగబడలేరు. అందుకని డబ్బు ముట్టిన పత్రం వేరు, ఊరికే సంతకం పెట్టిన పత్రం వేరు. కూతురు అడగవలసిన మొదటి ప్రశ్న ‘సంతకం చేశానా’ అన్నది కాదు, ‘ఏం తీసుకుని చేశాను’ అన్నది.

ఇక లోపాల దగ్గరికి వద్దాం. హనఫీ చట్టంలో వారసులకు వీలునామా రాయకూడదు. మూడో వంతు లోపల కూడా, మిగతా వారసులు ఒప్పుకోకపోతే, చెల్లదు. కొడుక్కి ఇంకాస్త ఎక్కువ రాసి కూతుళ్లను తగ్గించకుండా కాపాడేది ఈ నియమమే. కానీ అదే నియమం ముసలి భార్యకు తలదాచుకునే ఇల్లు రాద్దామన్నా, నడవలేని బిడ్డకు కాస్త ఎక్కువ ఇద్దామన్నా అడ్డుపడుతుంది. ‘నా తదనంతరం ఇల్లు నా భార్యకు’ అని రాసిన వీలునామాలు ముస్లిం కుటుంబాల్లో కొల్లలు. ఇల్లు పదో వంతు విలువదే కావచ్చు, ఒక్క కొడుకు కాదన్నా అతని వాటా మేరకు అది చెల్లదు. రిజిస్టర్ చేయించాం కదా అంటారు. సబ్‌రిజిస్ట్రార్ చూసేది రాసినాయన ఆయనేనా, తెలిసి సంతకం పెట్టాడా అన్నంతవరకే. మూడో వంతు దాటిందా, రాసింది వారసుడికా అన్నది ఆయన చూడడు, చూడవలసిన పని కూడా లేదు. ముస్లిం వసీయత్‌కి కాగితమే అక్కర్లేదు, నోటిమాట చాలు. అంటే రిజిస్ట్రేషన్ రుజువుకు పనికొస్తుంది, పరిమితి దాటినదాన్ని నిలబెట్టడానికి పనికిరాదు.

వారసుడెవరన్నది కూడా చనిపోయిన నాటికే తేలుతుంది. కొడుకు బతికుండగా మనవడికి మూడో వంతు రాశాడు, అప్పటికి మనవడు వారసుడు కాడు. తర్వాత ఆ కొడుకే ముందు పోయాడు, వేరే కొడుకులు లేరు. ఇప్పుడు మనవడే వారసుడైపోయాడు, అతని పేర రాసిన వీలునామా కూతుళ్ల సమ్మతి మీద ఆధారపడిపోయింది. కుటుంబంలో ఒక చావు జరిగితే వీలునామాను మళ్లీ తీసి చదవాలనేది ఇందుకే.

అందరికంటే ఎక్కువ ఇరుక్కునేది కూతుళ్లు మాత్రమే ఉన్న ఇల్లు. అదే 72 లక్షలు, భార్య, ఇద్దరు కూతుళ్లు, కొడుకు లేడు, ఒక తమ్ముడున్నాడు. భార్యకు 9, కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు 48, మిగిలిన 15 లక్షలు తమ్ముడికి. అన్నదమ్ములకు ఇరవై ఏళ్లుగా మాటల్లేకపోయినా అంతే. కూతుళ్లు వారసులు గనక మూడో వంతు వాళ్లకు రాస్తే తమ్ముడి సంతకం కావాలి. షియా చట్టంలో ఈ చిక్కే లేదు, కూతురుంటే తమ్ముడు రాడు. హనఫీలకు కొంత ఊరటనిచ్చే దారి ఒకటుంది, కానీ చాలామంది వాడరు. కూతుళ్ల పిల్లలు ఇక్కడ వారసులు కారు. మూడో వంతు, అంటే 24 లక్షలు, వాళ్ల పేర రాస్తే ఎవరి సమ్మతీ అక్కర్లేదు. మిగిలిన 48లో భార్యకు 6, కూతుళ్లకు 32, తమ్ముడికి 10. కూతుళ్లకూ వాళ్ల పిల్లలకూ కలిపి 48 బదులు 56 చేరుతుంది. భార్య వాటా 3 లక్షలు తగ్గుతుంది కాబట్టి ఆ లోటును బతికుండగానే వేరే దారిలో పూడ్చాలి.

ఇంకో దారి కేరళలో ఒక లాయరు దంపతులు బహిరంగంగా చూపించారు. ముగ్గురు కూతుళ్లున్న సి. షుక్కూర్, షీనా 2023 మార్చి 8న కాసరగోడ్ జిల్లాలో స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆ చట్టం 21వ సెక్షన్ వల్ల వాళ్ల వారసత్వం ఇండియన్ సక్సెషన్ యాక్ట్ కిందికి పోతుంది: భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు సమానంగా, తమ్ముళ్ల ప్రసక్తి లేదు. వాళ్ల ఇంటికి అది సరైన పనే. కానీ ఆ చట్టంలోకి వెళ్లినవాళ్లు మూడో వంతు పరిమితిని కూడా వెనక వదిలేస్తారు. వీలునామా రాస్తే ఆస్తి మొత్తం ఎవరికైనా పోవచ్చు. పిల్లలుంటే చనిపోయినవాళ్ల కన్నతల్లికి ఏమీ రాదు. మంచి తండ్రి చేతిలో ఆ స్వేచ్ఛ కూతుళ్లను కాపాడుతుంది, ఇంకో రకం తండ్రి చేతిలో వాళ్లను వీధిన పడేస్తుంది.

ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతిలో జరిగింది ఇదే. 2025 జనవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం వీలునామా లేనప్పుడు కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా ఇచ్చింది. మంచి పని. కానీ వీలునామా మీద పరిమితి పెట్టలేదు. నిన్నటిదాకా సగం వాటా ఖాయంగా ఉన్న ముస్లిం కూతురికి ఇవాళ సమాన వాటా ఉంది, తండ్రి ఒక కాగితం మీద సంతకం పెట్టనంత కాలం. దీన్ని పూర్తి లాభంగా లెక్కగట్టేవాళ్లు హిందూ కూతుళ్ల అనుభవం ఒకసారి చూడాలి.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లోనే కూతుళ్లను ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో హక్కుదారుల్ని చేసింది, దేశమంతటికీ అది రావడానికి 2005 పట్టింది. ఆ హక్కు గట్టిదే: పిత్రార్జితంలో కూతురి సొంత వాటాను తండ్రి వీలునామాతో తియ్యలేడు. కానీ ఆ ఆస్తిలో తండ్రి వాటా, తండ్రి స్వార్జితం మొత్తం, ఇవి వీలునామాకు లోబడినవే. ‘కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చాం, ఇంకేముంది’ అన్న మాట వీలునామాలో ఒక వాక్యంగా మారిపోతుంది. అప్పుడు కూతురు కోర్టుకెళ్లి ‘ఇది అన్యాయం’ అనలేదు. అన్యాయం అనడానికి చట్టంలో చోటు లేదు. ఇద్దరు సాక్షులు సరిగ్గా సంతకం పెట్టారా, రాసేనాటికి తండ్రికి తెలివి ఉందా, అనుమానించదగ్గ పరిస్థితులున్నాయా అన్నవే కోర్టు అడుగుతుంది. కాబట్టి ఆమె ‘ఇది నకిలీ’ అనాల్సొస్తుంది, లేదా ‘అన్న బలవంతంగా రాయించాడు’ అనాల్సొస్తుంది. నిజంగా తండ్రే ఇష్టపడి రాసి ఉండొచ్చు, ఆమెకది తెలిసీ ఉండొచ్చు. వేలిముద్రల నిపుణుడు, ఆసుపత్రి రికార్డులు, ముసలి సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్, పదేళ్ల వ్యాజ్యం. కనీస వాటా అన్నది లేకపోవడంతో న్యాయం గురించి జరగాల్సిన తగాదా దొంగతనం గురించిన తగాదాగా మారిపోతోంది. మూడో వంతు ఉన్నచోట తగాదా లెక్క మీద ఉంటుంది: నికరం ఎంత, ఇల్లు విలువెంత, ఎవరు ఒప్పుకున్నారు. అన్నాచెల్లెళ్లు లెక్క మీద కొట్టుకున్నాక మళ్లీ పెళ్లిళ్లకు పిల్చుకోవచ్చు. దొంగ అన్నాక కష్టం.

హిందూ దత్తత, భరణ చట్టం 22వ సెక్షన్ ఆధారపడ్డవాళ్లకు ఆస్తి పుచ్చుకున్నవాళ్ల నుంచి భరణం ఇప్పిస్తుంది కదా అంటారు. అది పెళ్లికాని కూతురికి, వితంతువుకు, మైనర్లకు బతుకుతెరువు. పెళ్లయి కాపురం చేసుకుంటున్న కూతురి వాటాకు దానితో సంబంధం లేదు.

మూడో వంతు నియమంలో ఇంతకంటే పెద్ద చిల్లు హిబా. బతికుండగా ఇచ్చే దానానికి ఏ పరిమితీ లేదు, వారసుడికైనా సరే, మొత్తం ఆస్తి అయినా సరే. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చెయ్యడం, ఈ మూడూ జరిగితే చాలు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు 2011లో, రాతపూర్వకమైన హిబా అయినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చెప్పింది. కూతుళ్లను కాపాడే గోడకు పక్కనే ఇంత పెద్ద తలుపు తెరిచి ఉంది. ఆ తలుపు దగ్గర ఉన్న కాపలా ఒక్కటే, మర్జ్-ఉల్-మౌత్. చావు భయంతో ఉన్న జబ్బులో ఇచ్చి, అదే జబ్బుతో చనిపోతే ఆ హిబాను వీలునామాలాగే చూస్తారు: బయటివాళ్లకైతే మూడో వంతు వరకే, వారసుడికైతే మిగతావాళ్లు ఒప్పుకుంటేనే. ఐసీయూలోకి వెళ్లేముందు రాయించుకున్న దానపత్రాలు పడిపోయేది ఇక్కడే. ఏళ్ల తరబడి ఉన్న షుగరు, పక్షవాతం లాంటివి మామూలుగా దీని కిందికి రావు.

దానపత్రాలు పడిపోయే ఇంకో చోటు మాటల్లోనే ఉంటుంది. ‘నా తదనంతరం నీవు సర్వహక్కులతో అనుభవించవలసినది’ అని రాస్తే అది హిబా కాదు, వసీయత్, మూడో వంతు లెక్క దానికి వర్తిస్తుంది. స్వాధీనం సంగతి కూడా అంతే. కాగితం రాసి, తర్వాత పదేళ్లు అద్దెలు తానే వసూలు చేసుకుని, పన్ను రసీదులు తన పేరే ఉంచుకుంటే, ఇచ్చినట్టు రుజువు కాదు. భార్యాభర్తలు కలిసి ఉండే ఇంటికీ, తండ్రి మైనర్ బిడ్డకిచ్చే దానానికీ ఈ విషయంలో సడలింపు ఉంది.

ఈ చిల్లును ఎలా పూడ్చవచ్చో చూడ్డానికి దూరం వెళ్లనక్కరలేదు. గోవాలో పోర్చుగీసు కాలం నుంచి వస్తున్న పద్ధతి ఇప్పుడు 2012 నాటి గోవా వారసత్వ చట్టంలో ఉంది, అమలు 2016 నుంచి. మతంతో పని లేదు. దంపతుల ఆస్తి ఇద్దరిదీ ఉమ్మడి అనేది అక్కడ మామూలు, అందులో సగం భార్యదే. మిగిలిన సగంలో మళ్లీ సగం మాత్రమే భర్త ఇష్టం. అంటే ఇంటి ఆస్తి 72 లక్షలైతే, ఆయన వీలునామాతో ఇష్టానికి రాయగలిగింది 18 లక్షలు. ఇంకో 18 పిల్లలకు ఖాయం. బతికుండగా ఇచ్చిన దానాలను కూడా లెక్కలో కలిపి చూస్తారు. వాటివల్ల ఖాయమైన వాటా తరిగితే దానాల్ని అంతమేర తగ్గిస్తారు. గోవా వాసికి రాష్ట్రం బయట ఉన్న ఆస్తికి కూడా ఇదే వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు జోస్ పాలో కుటినో కేసులో చెప్పింది. జర్మనీది ఇంకొంచెం మెత్తని పద్ధతి. అక్కడ తప్పించిన బిడ్డకు ఇంట్లో వాటా ఇవ్వరు, వీలునామా లేకుంటే వచ్చేదాంట్లో సగం విలువను డబ్బుగా అడిగే హక్కిస్తారు. చనిపోయేముందు పదేళ్లలో ఇచ్చిన దానాలనూ లెక్కిస్తారు, ఏడాది గడిచేకొద్దీ పదో వంతు చొప్పున తగ్గిస్తూ. ఇల్లు ముక్కలు కాదు, పొలం ముక్కలు కాదు, బిడ్డ మాత్రం వట్టి చేతులతో పోదు. మన దగ్గర పావు ఎకరాలకు చీలిపోయిన కమతాలు చూస్తే, డబ్బు రూపంలో హక్కు అన్న ఆలోచనే మనకు నప్పుతుందని నాకనిపిస్తుంది.

ఇస్లామిక్ చట్టం మారదనేవాళ్లకు ఈజిప్టు 1946లోనే జవాబిచ్చింది. ఆ ఏడాది చేసిన వసీయత్ చట్టం మూడో వంతు గీతను చెక్కుచెదరనివ్వలేదు. దాని లోపల వారసులకు కూడా, ఎవరి సమ్మతీ లేకుండా, రాసుకోనిచ్చింది. తాత రాయకపోయినా తండ్రిలేని మనవళ్లకు ఆ మూడో వంతులోంచే తండ్రి వాటా ఇప్పించింది. పాకిస్తాన్ 1961 ఆర్డినెన్సు ఇంకా సూటిగా, చనిపోయిన కొడుకు లేక కూతురి పిల్లలకు వాళ్ల వాటా నేరుగా ఇచ్చింది, బంగ్లాదేశ్‌లోనూ అదే నడుస్తోంది. భారతదేశంలో ఆ మనవడికి తాత రాస్తేనే ఏదైనా, రాయకుండా పోతే ఏమీ లేదు. ఉమ్మడి స్మృతి గురించి ఇంత చర్చ జరుగుతుంటే కనీస వాటా మాట అటు హిందూ సంస్కర్తలూ ఎత్తరు, తండ్రిలేని మనవడి మాట ఇటు ముస్లిం పర్సనల్ లా బోర్డు వైపువాళ్లూ ఎత్తరు. సమాన వాటాలు, వాటి కింద వీలునామా తాకలేని ఒక సగం, దానాలను పదేళ్లు వెనక్కి చూసే లెక్క, ఈ మూడూ కలిసిన చట్టమైతే నేను ఉమ్మడి స్మృతికి చేతులెత్తి ఓటేస్తాను. వాటాలు సమానం చేసి కింద నేల తీసేసేదైతే వెయ్యను.

అలాంటి చట్టం వచ్చేదాకా ఉన్నదాంట్లో రాసుకునేవాళ్లకు ఒక మాట. మనవడికో, కూతుళ్ల పిల్లలకో రాసే హనఫీ వీలునామాలో ఆస్తి పేరు ఒక్కటే రాసి వదలొద్దు. ‘అంత్యక్రియలు, అప్పులు, మెహర్ బాకీ పోగా మిగిలిన నికర ఆస్తిలో మూడో వంతు, దాన్ని ముందుగా ఫలానా ఇంటి నుంచి ఇవ్వాలి, ఇల్లు తక్కువైతే మిగతా సొమ్ము నుంచి పూర్తి చెయ్యాలి, ఇల్లు ఎక్కువైతే తేడా సొమ్ము వారసులకు చెల్లించి ఇల్లు తీసుకోవచ్చు’ అని రాయండి. విలువలు ఎటు మారినా ఆ వాక్యం నిలబడుతుంది, విడదీయని సగం ఇంటి కోసం పార్టిషన్ దావా పడే అవసరం తగ్గుతుంది. మెహర్ ఎంత, అందులో ఎంత చెల్లించారు అన్నది విడిగా ఒక పేరాలో ఉండాలి, నికానామా నకలు జతచెయ్యాలి. అది తేలకపోతే నికరమూ తేలదు, మూడో వంతూ తేలదు. ఒకరికంటే ఎక్కువమందికి రాసి మొత్తం పరిమితి దాటితే హనఫీలో అందరికీ అదే నిష్పత్తిలో కోతపడుతుంది. వారసుల సమ్మతి కావలసిన వీలునామా అయితే ఆ సమ్మతి పత్రం తేదీ మరణ ధ్రువీకరణ పత్రంలోని తేదీ తర్వాతిదై ఉండాలి. అందులో ఆస్తి వివరం, పరిమితి దాటిన మొత్తం, సంతకం చేసే వారసుడి వాటా అంకెల్లో ఉండాలి, ఒక్కొక్కరి చేత విడిగా రాయించాలి. నలభయ్యో రోజు ఫాతిహాకు అందరూ కూడినప్పుడు తెల్లకాగితం మీద తీసుకునే సంతకాలు రేపు కోర్టులో ఎవరికీ అక్కరకు రావు.